ప్రపోజల్ సారాంశాన్ని క్లయింట్ లక్ష్యంతో మొదలుపెట్టడం ఎలా: ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ సోలార్ ప్రపోజల్‌ను తిరగరాసిన పద్ధతి

ఆగస్టులో మా ఆఫీసు నుంచి గుంటూరు దగ్గరున్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి రూఫ్‌టాప్ సోలార్ ప్రపోజల్ వెళ్లాల్సి ఉంది. 24 పేజీల ఫైల్ సిద్ధమై చివరి పరిశీలనకు నా దగ్గరకు వచ్చింది. మొదటి పేజీలో సారాంశం ఇలా ఉంది:

> "2011లో స్థాపించిన మా సంస్థ సోలార్ రంగంలో అగ్రగామిగా ఎదిగింది. ఇప్పటివరకు 12 మెగావాట్లకు పైగా రూఫ్‌టాప్ ప్లాంట్లు ఏర్పాటు చేశాం. మా దగ్గర 45 మంది అనుభవజ్ఞులైన ఇంజనీర్లు, టెక్నీషియన్లు ఉన్నారు. నాణ్యత, నిబద్ధత, కస్టమర్ సంతృప్తి మా మూల సూత్రాలు. మీ సంస్థకు 150 కిలోవాట్ల సోలార్ ప్లాంట్‌ను ప్రతిపాదించడం మాకు ఆనందంగా ఉంది."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ కోల్డ్ స్టోరేజీ యజమాని ఇది చదివితే తన గురించి అయిదో వాక్యం దాకా ఏమీ కనిపించదు. అక్కడ కూడా కనిపించేది ఆయన అవసరం కాదు, మేం అమ్మే సరుకు. ఈ అయిదు వాక్యాలనూ రైస్ మిల్లుకు పంపినా, ఇంజనీరింగ్ కాలేజీకి పంపినా అంగుళం తేడా రాదు. ఈ సారాంశాన్ని ఎలా తిప్పి రాశామో, ఏ మెట్టు దగ్గర ఏం తేలిందో కింద చెబుతున్నాను. మీరు అమ్మేది సాఫ్ట్‌వేర్ అయినా, మెషినరీ అయినా, ఆడిట్ సర్వీస్ అయినా వరుస ఇదే.

మొదటి మెట్టు: పాత సారాంశంలో ఎవరు మాట్లాడుతున్నారో గుర్తుపెట్టడం

ప్రింట్ తీసుకుని రెండు రంగుల పెన్నులు పట్టుకోండి. ఏ వాక్యం మన గురించి చెబుతోందో దాని కింద ఎరుపు గీత, ఏ వాక్యం క్లయింట్ గురించి చెబుతోందో దాని కింద నీలం గీత. 'మీ' అనే మాట ఉన్నంత మాత్రాన నీలం గీత పెట్టకండి. "మీ సంస్థకు మా ప్లాంట్‌ను ప్రతిపాదిస్తున్నాం" అనేది మన వాక్యమే. క్లయింట్ పరిస్థితి, ఆయనకు కావలసిన ఫలితం, ఆయన గడువు, ఆయన భయం, వీటిలో ఏదో ఒకటి వాక్యంలో ఉంటేనే నీలం. మా సారాంశంలో అయిదూ ఎరుపే.

ఎరుపు వాక్యాలను ఇప్పుడే కొట్టేయకండి. వాటిలో పనికొచ్చే వివరాలు ఉంటాయి, తర్వాత అవసరమవుతాయి. ఒక పక్క కాగితం మీద రాసిపెట్టుకోండి.

రెండో మెట్టు: క్లయింట్ అన్న మాటలను అన్న తీరులోనే తెచ్చుకోవడం

పని అంతా నిజానికి ఇక్కడే ఉంది. లక్ష్యాలతో మొదలుపెట్టాలని అందరికీ తెలుసు, కానీ రాసే మనిషికి లక్ష్యాలు తెలియవు. సైట్‌కు వెళ్లింది సేల్స్ వాళ్లు, రాసేది ఆఫీసులో కూర్చున్నవాళ్లు. రాసేవాళ్ల చేతికి వచ్చేది "150 కిలోవాట్లు, రేకుల షెడ్డు, అర్జెంట్" అన్న మూడు ముక్కలు. అందుకే చేతిలో ఉన్న కంపెనీ చరిత్రతో పేజీ నింపేస్తారు.

నేను సైట్‌కు వెళ్లొచ్చిన సహోద్యోగిని కూర్చోబెట్టి అరగంట మాట్లాడాను. సాంకేతిక వివరాలు పక్కనపెట్టి నాలుగే ప్రశ్నలు అడిగాను. ఇప్పుడే ఎందుకు అడుగుతున్నారు? ఏం జరిగితే ఈ డబ్బు దండగ కాలేదని అనుకుంటారు? మాటల మధ్యలో ఏ విషయాన్ని పదేపదే ఎత్తారు? చివరికి సరే అనాల్సింది ఎవరు?

వచ్చిన జవాబులు ఇవి. ఏప్రిల్ బిల్లు చూసి యజమాని ఉలిక్కిపడ్డారు. ఆ ఒక్క నెలలో 90 వేల యూనిట్లు కాలాయి. మిర్చి సీజన్ తెలిసినవాళ్లకు కారణం వెంటనే తడుతుంది. ఎండిన మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలోకి ఎక్కువగా దిగేది ఎండాకాలంలోనే. బయట ఎండ మండుతుంటుంది, వేడి సరుకు లోపలికి వస్తుంటుంది, దాన్ని చల్లబరచడానికి కంప్రెసర్లు పగలూ రాత్రీ ఆడుతుంటాయి. "ఈ బిల్లు సగానికి తగ్గుతుందా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న.

కానీ పదేపదే ఎత్తింది బిల్లు కాదు. పైకప్పు మీదకు ఎక్కినప్పుడు ఒకసారి, దిగాక ఒకసారి, మావాడు బండి స్టార్ట్ చేస్తుంటే మరోసారి అదే మాట అన్నారట: "రేకుకు రంధ్రాలు పెడతారుగా, కారితే ఎట్లా? బస్తా మీద నీటి చుక్క పడితే ఆ మిర్చి బూజు పట్టి పోయినట్టేనండీ. సరుకు నాది కాదు, రైతులది." మావాడు దీన్ని నోట్స్‌లో రాసుకోలేదు. సాంకేతిక వివరం కాదు కదా అనుకున్నాడు. మా 24 పేజీల ప్రపోజల్‌లో దీనికి దగ్గరగా ఉన్నది 17వ పేజీలో ఒకే ఒక్క వరుస: "మౌంటింగ్ స్ట్రక్చర్: గాల్వనైజ్డ్ స్టీల్, ప్రమాణాలకు అనుగుణంగా."

మూడోది గడువు. ఫిబ్రవరిలో కొత్త పంట దిగడం మొదలవుతుంది. అప్పుడు ఆవరణలో లారీలు, హమాలీలు ఉంటారు, క్రేన్ తిప్పడానికి జాగా ఉండదు. పైగా గదులు కాస్త ఖాళీగా ఉండేది డిసెంబర్, జనవరిల్లోనే.

ఈ మాటలను ముందు తెలుగులోనే, ఆయన అన్నట్టే రాసుకోండి. ప్రపోజల్ ఇంగ్లీషులో వెళ్లాల్సి ఉన్నా సరే. నేరుగా ఇంగ్లీషులో రాసుకుంటే "రైతుల సరుకు తడవకూడదు" అన్న మాట కాస్తా నాలుగు బరువైన పదాలుగా మారిపోయి, చివరికి అది ఎవరి భయమో కూడా తెలియకుండా పోతుంది.

మూడో మెట్టు: లక్ష్యం ఏది, షరతు ఏది

చేతికొచ్చిన మాటలన్నీ లక్ష్యాలు కావు. ఏది నెరవేరాలని డబ్బు ఖర్చుపెడుతున్నారో అది లక్ష్యం. ఏది జరగకపోతే అసలు ఈ పనే వద్దంటారో అది షరతు. ఇక్కడ ఎండాకాలం బిల్లు తగ్గడం లక్ష్యం. పైకప్పు కారకపోవడం, జనవరి ఆఖరికి పని అయిపోవడం షరతులు.

ఈ తేడా ఎందుకంటే, వరుస దాన్ని బట్టే ఉంటుంది. ఆయన మూడుసార్లు ఎత్తారు కదా అని పైకప్పుతో మొదలుపెట్టాలని నాకూ అనిపించింది. కానీ కారకుండా చూడటానికి ఎవరూ సోలార్ పెట్టించుకోరు. పెట్టించుకునే కారణం మొదటి వాక్యంలో, ఆపేసే కారణం వెంటనే రెండో వాక్యంలో ఉండాలి. షరతును లోపలి పేజీలకు తోసేస్తే చదివేవారి మనసు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది, మీ లెక్కలు ఎంత బాగున్నా ఎక్కవు.

ప్రతి లక్ష్యంలోనూ ఒక పని, ఒక కొలత, ఒక సమయం ఉన్నాయో లేదో చూడండి. "విద్యుత్ ఖర్చులు ఆదా చేయడం" లక్ష్యంలా కనిపిస్తుంది గానీ, దేశంలో ఏ ఫ్యాక్టరీకైనా సరిపోతుంది. "మార్చి నుంచి మే వరకు వచ్చే బిల్లు తగ్గాలి" అంటే అది ఈయనదే.

నాలుగో మెట్టు: రాయకముందే క్లయింట్‌తో సరిచూసుకోవడం

చాలామంది ఈ మెట్టు ఎక్కరు. ప్రపోజల్ వెళ్లకముందే మనకు ఏమీ తెలియదని బయటపడుతుందేమోనని మొహమాటం. కానీ తప్పు లక్ష్యంతో మొదలైన సారాంశం కంపెనీ చరిత్రతో మొదలైనదానికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. "వీళ్లు మనం చెప్పింది వినలేదు" అన్న అభిప్రాయం మొదటి వాక్యంలోనే పడిపోతుంది.

మావాడి చేత వాట్సాప్‌లో ఈ మెసేజ్ పంపించాను:

> "నమస్కారం సర్. మీ ప్రపోజల్ రాస్తున్నాం. మీరు చెప్పినవి మేం ఇలా అర్థం చేసుకున్నాం. మార్చి నుంచి మే వరకు కరెంటు బిల్లు తగ్గాలి. పైకప్పు ఎక్కడా కారకూడదు. కొత్త మిర్చి దిగకముందే, జనవరి 31 లోపు పని పూర్తవ్వాలి. ఇందులో మార్చాల్సింది గానీ కలపాల్సింది గానీ ఉంటే చెప్పండి."

గంటలో ఆయనే ఫోన్ చేశారు. "మూడూ కరెక్టేనండీ. ఇంకోటి, నేనొక్కడినే కాదు, మా పార్ట్‌నర్లు ఇద్దరు చూడాలి. పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుందో మొదట్లోనే రాయండి, వాళ్లు అదే అడుగుతారు." సరే అనాల్సింది ఎవరన్న ప్రశ్నకు మావాడు "ఓనరే" అన్నాడు. ఆ ఫోన్ రాకపోతే సైట్ దగ్గర మాటలేవీ వినని ఇద్దరు మనుషుల చేతికి వాళ్ల ప్రశ్నకు జవాబు లేని కాగితం వెళ్లేది.

ఇక్కడ ఒక జాగ్రత్త. క్లయింట్ చెప్పిందల్లా కాగితం మీద పెట్టకూడదు. ఆయన మావాడితో టీ తాగుతూ బ్యాంకు అప్పు గురించి కూడా ఏదో చెప్పుకున్నారు. అది పైకి చెప్పని కారణం కావచ్చు. కానీ ప్రపోజల్ పార్ట్‌నర్ల దగ్గరకు, అకౌంటెంట్ దగ్గరకు, కొన్నిసార్లు మన పోటీదారు దగ్గరకు కూడా వెళుతుంది. నమ్మి చెప్పిన మాట అందులో కనిపిస్తే ఆర్డర్ సంగతి అటుంచండి, ఆయన మళ్లీ మన ఫోన్ ఎత్తరు. సందేహంగా ఉన్న విషయం రాయకండి. అలాగే పాత కంప్రెసర్లనో, పాత వైరింగ్‌నో తప్పుపట్టే మాటతో మొదలుపెట్టకండి. వాటిని కొన్నది కూడా ఆ పార్ట్‌నర్లే అయి ఉండొచ్చు.

అయిదో మెట్టు: తీరని లక్ష్యాన్ని ఏం చేయాలి

బిల్లు సగానికి తగ్గుతుందా అని ఆయన అడిగారు. మా లెక్కలో తగ్గదు. ఒక కిలోవాట్ ప్యానెళ్లకు సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. నీడ పడని పైకప్పు ఆయనకు 15 వేల చదరపు అడుగులే ఉంది, అంటే 150 కిలోవాట్లు. మన దగ్గర కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్ల చొప్పున, మబ్బు రోజులు, శుభ్రం చేయని రోజులు తీసేసి వేసుకుంటే ఏడాదికి 2.1 లక్షల యూనిట్లు వస్తాయి. ఆయన ఏడాది వాడకం 6.5 లక్షల యూనిట్లు. అంటే దాదాపు మూడో వంతు. ఎండాకాలంలో ఉత్పత్తి కాస్త పెరిగినా, కంప్రెసర్లు రాత్రి కూడా ఆడతాయి కాబట్టి ఏప్రిల్‌లో 90 వేల యూనిట్లలో తగ్గేది 20 వేలే.

ఇలాంటప్పుడు లక్ష్యాన్ని మెల్లగా మార్చి "బిల్లు గణనీయంగా తగ్గుతుంది" అని రాసేయాలని చేయి లాగుతుంది. అలా రాయకండి. 'గణనీయంగా' అన్న మాటలో ఆయన సగాన్నే చదువుకుంటారు, మొదటి ఏప్రిల్ బిల్లు రాగానే మనకు ఫోన్ వస్తుంది. ఆయన అడిగింది సగం అని రాసి, పైకప్పు ఇచ్చేది ఇంత అని పక్కనే రాయండి. ఇంకో విషయం కూడా దాచకూడదు. సోలార్ వల్ల తగ్గేది యూనిట్ల మీద పడే చార్జీ. కాంట్రాక్ట్ డిమాండ్ మీద, అంటే కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు మీద కట్టే నెలవారీ చార్జీ అలాగే ఉంటుంది. సారాంశంలో ఒక్క వాక్యం చాలు.

ఆరో మెట్టు: కంపెనీ చరిత్రను ముక్కలు చేసి పంచడం

పక్కన పెట్టిన ఎరుపు వాక్యాలు ఇప్పుడు తీయండి. ఒక్కో వివరాన్ని పట్టుకుని, ఇది ఏ లక్ష్యానికి రుజువు అని అడగండి. జవాబు వస్తే ఆ లక్ష్యం పక్కన చేర్చండి, రాకపోతే చివరి పేజీలో 'మా గురించి' కిందకు పంపండి.

"2011లో స్థాపించిన" అన్నది దేనికీ రుజువు కాదు, చివరికి వెళ్లింది. "45 మంది ఇంజనీర్లు" కూడా అంతే, ఈ పైకప్పు ఎక్కేది అందులో ఎనిమిది మందే. "12 మెగావాట్లు" దగ్గర ఆగాను. ఆ అంకెను తవ్వితే అందులో మూడు ప్లాంట్లు కోల్డ్ స్టోరేజీల రేకుల పైకప్పుల మీదవే అని తేలింది. ఆ మూడింటిలో పాతది నాలుగు వానాకాలాలు చూసింది. మెగావాట్ల కన్నా ఈయనకు ఆ ఒక్క మాట విలువైనది. ఆ యజమానులను అడిగి, ఫోన్ నంబర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాకే రాశాం.

ఈ మెట్టు దగ్గర ఆఫీసులో అడ్డు వస్తుంది. మా డైరెక్టర్ గారు "మనం ఎవరమో చెప్పకుండా ఎట్లా?" అన్నారు. ఆయన బాధ నిజమైనదే, కంపెనీని ఆయన సొంత చేతులతో కట్టారు. చరిత్ర తీసేయడం లేదని, చదివేవారికి అవసరమైన చోటుకు మారుస్తున్నామని రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించాను. వాదించడం కన్నా చూపించడం తేలిక.

ఏడో మెట్టు: కొత్త సారాంశం

వరుస ఇది: ఆయన లక్ష్యం, షరతులు, ఒక్కోదానికి మన జవాబు, దాని రుజువు, ధర, తర్వాత జరగాల్సిన పని. ధరను దాచిపెట్టొద్దన్నది నా అభిప్రాయం. సారాంశంలో లేకపోతే పార్ట్‌నర్లు నేరుగా ధర ఉన్న పేజీకే వెళతారు, మధ్యలో ఉన్నదేదీ చదవరు.

> "మార్చి నుంచి మే వరకు వచ్చే కరెంటు బిల్లును సగానికి తగ్గించుకోవాలన్నది మీ లక్ష్యం. అందుకోసం పైకప్పు ఒక్కచోట కూడా కారకూడదని, కొత్త మిర్చి దిగకముందే జనవరి 31 లోపు పని ముగియాలని చెప్పారు.
>
> మీ పైకప్పు మీద 150 కిలోవాట్లు పడతాయి. వాటితో మీ ఏడాది వాడకంలో దాదాపు మూడో వంతు, అంటే సుమారు 2.1 లక్షల యూనిట్లు తగ్గుతాయి. కంప్రెసర్లు రాత్రి కూడా నడుస్తాయి కాబట్టి ఏప్రిల్ నెలలో తగ్గేది సుమారు 20 వేల యూనిట్లు. సగానికి తేవాలంటే ఈ పైకప్పు సరిపోదు. డిమాండ్ చార్జీలో మార్పు ఉండదు.
>
> రంధ్రాలు రేకు గట్టు మీదే పెడతాం, నీరు పారే పల్లంలో పెట్టం. ప్రతి స్క్రూ కింద రబ్బరు వాషర్ ఉంటుంది. ప్యానెళ్లు బిగించకముందే ప్రతి భాగం మీద గంటసేపు నీళ్లు కొట్టి, మీ మనిషి లోపల నిలబడి చూశాకే ముందుకు వెళతాం. ఇదే పద్ధతిలో మూడు కోల్డ్ స్టోరేజీల పైకప్పుల మీద పని చేశాం. వాటిలో పాతది నాలుగు వానాకాలాలు దాటింది. ఆ యజమానుల ఫోన్ నంబర్లు 6వ పేజీలో ఉన్నాయి.
>
> పెట్టుబడి 67.5 లక్షల రూపాయలు, పన్ను అదనం. మీ బిల్లులో యూనిట్‌కు పడుతున్న 7 రూపాయల లెక్కన ఏడాదికి సుమారు 14.7 లక్షలు మిగులుతాయి. పన్నుతో కలిపితే పెట్టుబడి తిరిగి రావడానికి అయిదేళ్లు, కాస్త అటూ ఇటూ పడుతుంది.
>
> డిస్కమ్ అనుమతులకు సమయం కావాలి కాబట్టి జనవరి 31 గడువు నిలవాలంటే సెప్టెంబర్ 15 లోపు ఆర్డర్ ఖరారవ్వాలి."

పైకప్పు పేరా పొడవుగా ఉందని మా డిజైనర్ అన్నారు. ఉండనివ్వమన్నాను. క్లయింట్ ఎక్కడ ఎక్కువసేపు ఆగారో సారాంశం కూడా అక్కడ ఎక్కువసేపు ఆగాలి. 17వ పేజీలో ఉన్న మౌంటింగ్ వివరాన్ని 5వ పేజీకి తెచ్చి, రేకు గట్టు మీద స్క్రూ ఎలా కూర్చుంటుందో ఒక బొమ్మ వేశాం. సారాంశం ఒక వరుసలో, లోపలి పేజీలు ఇంకో వరుసలో ఉంటే తిరగరాసిన పని సగమే అయినట్టు.

పంపేముందు చూసుకోవాల్సినవి

క్లయింట్ పేరు తీసేసి అక్కడ ఇంకో క్లయింట్ పేరు పెట్టి చదవండి. అయినా సరిపోతే లక్ష్యం ఇంకా చిక్కలేదు, రెండో మెట్టుకు వెనక్కి వెళ్లాలి. మా కొత్త సారాంశంలో రైస్ మిల్లు పేరు పెడితే రెండో వాక్యం దగ్గరే చెడిపోతుంది. తర్వాత సైట్‌కు వెళ్లని మనిషికి మొదటి పేరా మాత్రమే చదివించి, వీళ్లకు ఏం కావాలని అడగండి. మా అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయి చదివి "మిర్చి తడవకుండా కరెంటు బిల్లు తగ్గాలి" అంది. ఆ జవాబు కోసమే చూశాను. ఎవరైనా "సోలార్ కావాలి" అంటే మాత్రం మళ్లీ రాయాలి.

ఈ పద్ధతి నడవని చోటు ఒకటుంది. ప్రభుత్వ టెండర్లలో ఫార్మాట్ వాళ్లే ఇస్తారు, కంపెనీ అనుభవం, టర్నోవర్ మొదటే అడుగుతారు, ఆ వరుస మారిస్తే బిడ్ తిరస్కరించే ప్రమాదం ఉంది. అక్కడ వాళ్ల వరుసే పాటించండి. కవర్ లెటర్‌కు చోటిస్తే దాని మొదటి పేరాలో టెండర్‌లో రాసిన పని ఉద్దేశాన్ని వాళ్ల మాటల్లోనే ఎత్తి రాయవచ్చు, అంతకు మించి కదపొద్దు.

చివరిగా ఈమెయిల్. ప్రపోజల్ ఎంత మార్చినా, దాన్ని మోసుకెళ్లే మెయిల్ "మా సంస్థను సంప్రదించినందుకు ధన్యవాదాలు" అని మొదలైతే మళ్లీ మొదటికొచ్చినట్టే. మేం సబ్జెక్ట్‌లో "ఎండాకాలం కరెంటు బిల్లు, పైకప్పు భద్రత: ప్రపోజల్" అని పెట్టి, మెయిల్‌లో సారాంశం మొదటి పేరానే అతికించాం. ఫైల్ పేరులో కూడా మా కంపెనీ పేరు ముందు కాకుండా వాళ్ల స్టోరేజీ పేరు, తేదీ ముందు వచ్చేలా మార్చాం, పార్ట్‌నర్ల ఫోన్లలో వెతికితే వెంటనే దొరకాలని.